జవాబు అడగని పలకరింపు

స్టాఫ్‌రూమ్‌లో మీ పక్కన కూర్చునే లెక్కల టీచర్‌కు ఆపరేషన్ అయింది. పలకరించాలని ఉంటుంది, ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఏం రాయాలో తోచదు. ఒక్క సూత్రం పట్టుకోండి: మీ మెసేజ్ చదివాక ఆమెకు చేయాల్సిన పనేదీ మిగలకూడదు.

ఎప్పుడు పంపాలి?

ఆపరేషన్ రోజు వద్దు. మత్తుమందు ప్రభావం మర్నాటి దాకా ఉండొచ్చు. పైగా ఆ పూట ఫోన్ ఇంట్లోవాళ్ల చేతిలో ఉంటుంది. ఇంటికి చేరారని తెలిశాక పగటిపూట పంపండి. కాల్ కంటే మెసేజే మేలు, ఎందుకంటే పొట్ట మీద కుట్లున్నవారికి నవ్వినా దగ్గినా నొప్పే. స్టాఫ్ గ్రూపులో కాకుండా విడిగా పంపండి. ఆపరేషన్ సంగతి అందరికీ తెలియడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు.

ఏం రాయాలి?

"మేడమ్, ఇంటికి వచ్చారని హెచ్ఎం గారు చెప్పారు. మనసు కుదుటపడింది. తొమ్మిదో తరగతి పీరియడ్లు నేనూ సైన్స్ సారూ పంచుకున్నాం. యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దేశాం. శనివారం మీ వీధి వైపు వస్తున్నాను. మందులేమైనా కావాలంటే చెప్పండి, గేటు దగ్గర ఇచ్చి వెళ్తాను. అవసరం లేకపోతే జవాబు కూడా అక్కర్లేదు."

ఇందులో ఏ ఆపరేషనో, ఎన్ని కుట్లో, ఎంత ఖర్చయిందో అడగలేదు. "త్వరగా వచ్చేయండి, మీరు లేక ఇబ్బందిగా ఉంది" అనలేదు. ఆ మాట ప్రేమతోనే అంటాం గానీ, మంచం మీదున్న మనిషికి సెలవు పెట్టడమే తప్పేమో అనిపిస్తుంది. పేపర్ల పని అయిపోయిందన్న కబురు మాత్రం నిజంగా ఊరటనిస్తుంది. "ఏం కావాలన్నా అడగండి" అంటే ఏం అడగాలో ఆలోచించే భారం ఆమెదే. శనివారం, మందులు అని తేల్చి చెబితే కావాలంటే ఒక్క మాట చాలు, అక్కర్లేకపోతే అదీ వద్దు.

ఏం వద్దు?

"మా పిన్నికీ ఇదే ఆపరేషన్, ఆర్నెల్లు లేవలేదు" వంటి కథలు వద్దు. పథ్యం సలహాలూ వద్దు. పప్పు తింటే కుట్లు చీము పడతాయని మనవైపు గట్టి నమ్మకం. కానీ గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పులో ఉండేవి అవే. ఏం తినాలో డాక్టర్ చెప్పే ఉంటారు.

పంపాక?

నీలం టిక్కులు పడినా జవాబు రాలేదా? వదిలేయండి. "చూశారా మేడమ్?" అని మళ్లీ అడగొద్దు. పది రోజులకు పలకరింపులన్నీ ఆగిపోతాయి. అప్పుడు స్కూలు కబురొకటి రెండు వాక్యాల్లో పంపండి. ఆమె తిరిగి వచ్చాక నోటుపుస్తకాల కట్ట మీరే మోయండి. పొట్ట ఆపరేషన్ అయినవారిని డాక్టర్లు కొన్ని వారాలు బరువులు ఎత్తొద్దంటారు. ఎందుకు మోస్తున్నారో చెప్పాల్సిన పనిలేదు.