కోడ్ హైదరాబాద్‌లో, లాభం బెర్ముడాలో

ప్రశ్న: మా అన్న హైదరాబాద్‌లో ఒక విదేశీ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడు. పని ఇక్కడ జరిగినా లాభం మాత్రం పన్ను తక్కువున్న దేశంలో తేలుతుందని మా సారు చెప్పారు. అదెలా సార్? ఫ్యాక్టరీలు అట్లా ఎందుకు పోవు?
– బి.కాం. విద్యార్థి, ఆలూరు

సమాధానం: మీ అన్నగారి సెంటర్ లాంటివి ఎక్కువగా ఖర్చు మీద కొంత శాతం కలిపి మాతృసంస్థకు బిల్లు వేస్తాయి. జీతాలు, అద్దె, కరెంటు కలిపి 100 కోట్లు అయిందనుకోండి. 15 శాతం చేర్చి 115 కోట్లకు బిల్లు వేస్తే ఇక్కడి లాభం 15 కోట్లే. మన దేశం పన్ను వేసేది దానిమీదే. రాసిన కోడ్ మీద హక్కులు మాత్రం విదేశీ కంపెనీవి. దాన్ని ప్రపంచమంతా అమ్మితే వచ్చే వందల కోట్లు ఆ హక్కులున్న చోటికి చేరతాయి.

ఆ హక్కుల్ని ఎక్కడ ఉంచాలన్నదే అసలు ఎత్తుగడ. గూగుల్ సంగతి చూడండి. అమెరికా బయట వచ్చిన ప్రకటనల డబ్బు ఐర్లాండ్ కంపెనీకి చేరేది. అది రాయల్టీ పేరుతో నెదర్లాండ్స్ కంపెనీకి, అక్కడినుంచి బెర్ముడాకు వెళ్లేది. అప్పట్లో బెర్ముడాలో కంపెనీల ఆదాయం మీద పన్నే లేదు. ఒక్క 2017లోనే ఈ దారిలో 1,990 కోట్ల యూరోలు వెళ్లాయి. చట్టం ప్రకారమే నడిచామని గూగుల్ చెప్పింది. ఈ పద్ధతికి 2020తో స్వస్తి పలికింది.

పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీని తరలించాలంటే యంత్రాలు విప్పాలి, కొత్తచోట భూమి, నీళ్లు, కరెంటు చూసుకోవాలి, పనివాళ్లకు మళ్లీ నేర్పాలి. చుట్టూ ఉన్న విడిభాగాల కంపెనీలు కూడా కదలాలి. పేటెంటుకు ఆ బాధ లేదు. ఒక ఒప్పందం మీద సంతకం చేస్తే యజమాని మారిపోతాడు, ఇంజినీరు కుర్చీలోంచి లేవనక్కర్లేదు.

ప్రశ్న: మరి ఆదాయపు పన్ను అధికారులు పట్టుకోలేరా?

సమాధానం: కొన్నిటిని పట్టుకోగలరు. ఒకే గ్రూపు కంపెనీలు దేశాల మధ్య చేసుకునే లావాదేవీల్లో, సంబంధం లేని వాళ్లు ఎంతకు కొంటారో ఆ ధరే చూపాలని మన చట్టం 2001 నుంచి గట్టిగా అడుగుతోంది. ఇక్కడి పత్తిని ఎవరైనా సింగపూర్‌లోని తమ సొంత కంపెనీకి సగం ధరకు అమ్మినట్టు చూపిస్తే, ఆదోని మార్కెట్ యార్డు ఆనాటి ధరతో పోల్చి చూడొచ్చు. సెర్చ్ ఇంజిన్ కోడ్‌కు యార్డు ఏది? అలాంటి కోడ్‌ను బయటివాళ్లకు అమ్మినవాళ్లే ఉండరు. అందుకే ఏళ్ల తరబడి వాదనలు నడుస్తాయి.

అనుమానించడానికి మంచి గుర్తు ఒకటుంది. ఏ దేశంలో ఎంత లాభం చూపారో, అక్కడ ఎందరు పనిచేస్తున్నారో పక్కపక్కన పెట్టి చూడండి. మనుషులు పదిమంది, లాభం వేల కోట్లు అయితే, నిర్ణయాలు నిజంగా అక్కడే జరిగాయా అని అధికారి అడగాలి. అయితే మీ అన్నగారి సెంటర్ లాభం తక్కువ చూపినంత మాత్రాన మోసం అనలేం. ప్రయోగం విఫలమైతే నష్టం మాతృసంస్థది, సెంటర్‌కు ఖర్చు ఎలాగూ వస్తుంది. ఆ నష్టభయం నిజంగా ఎవరు మోస్తున్నారో తేల్చాలి.

బెర్ముడా కూడా 2025 నుంచి పెద్ద బహుళజాతి సంస్థల మీద 15 శాతం పన్ను వేస్తోంది. ఆ డబ్బు చేరేది మాత్రం బెర్ముడా ఖజానాకే. కోడ్ రాసిన హైదరాబాద్‌కు అందులో వాటా ఉండాలన్నది నా అభిప్రాయం.