మెగ్నీషియం క్లోరైడ్ జాలక శక్తి: నిచ్చెన మీద లెక్క

జాలక శక్తిని నేరుగా కొలిచే పరికరం లేదు. వాయు అయాన్లను ఒకచోట పోగేసి, అవి స్ఫటికంగా పేరుకుంటుంటే వెలువడే వేడిని కొలవడం ఎవరివల్లా అయ్యే పని కాదు. అందుకే 1919లో మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్ చుట్టుదారి పట్టారు. ఏ దారిన వెళ్లినా మొత్తం ఎంథాల్పీ మార్పు ఒకటేనన్న హెస్ నియమమే దానికి ఆధారం.

ఇక MgCl₂ తీసుకుందాం. సోడియం క్లోరైడ్‌తో మొదలుపెట్టడం అలవాటే గానీ, తప్పులు ఎక్కడ దొర్లుతాయో అందులో సరిగా బయటపడవు.

కాగితం మధ్యలో ఒక అడ్డగీత గీసి, దాని మీద Mg(s) + Cl₂(g) అని రాయండి. ఇది సున్నా మట్టం. కింద మరో గీత MgCl₂(s)కి. సంశ్లేషణ ఎంథాల్పీ మోలుకు −641 కిలోజౌళ్లు కాబట్టి అది అంత కిందికి ఉంటుంది.

ఇప్పుడు సున్నా నుంచి పైకి ఎక్కాలి. మెగ్నీషియం ఉత్పతనానికి 148. మొదటి ఎలక్ట్రాన్‌ను లాగడానికి 738, రెండోదానికి 1451. క్లోరిన్ అణువును విడగొట్టడానికి 242. ఇప్పటికి 2579కి చేరాం. అక్కడి నుంచి రెండు క్లోరిన్ పరమాణువులూ చెరో ఎలక్ట్రాన్ తీసుకుంటే 349 చొప్పున 698 కిందికి దిగుతాం. నిలిచిన మెట్టు +1881. దాని మీద Mg²⁺(g) + 2Cl⁻(g) ఉంటాయి. అక్కడి నుంచి అట్టడుగు గీత దాకా ఒక్క దూకు: −641 − 1881 = −2522. అదే జాలక ఎంథాల్పీ.

ప్రతి గీత మీదా ఆ దశలో ఉన్న సరుకంతా, ఎలక్ట్రాన్లతో సహా, రాయాలన్నది నా పట్టుదల. చాలామంది మారిన ముక్క మాత్రమే రాసి మోసపోతారు. సోడియం క్లోరైడ్ అలవాటుతో 242ను సగం చేస్తే −2401 వస్తుంది. 349ను ఒక్కసారే తీసేస్తే −2871. గీత మీద 2Cl అని కళ్లెదుట ఉంటే ఈ రెండూ జరగవు.

1451ని మరిచిపోతే −1071 వస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. సోడియం క్లోరైడ్ జాలక ఎంథాల్పీ సుమారు −787. ఇక్కడ ధనావేశం రెట్టింపు, అయాన్లు రెండు కాదు మూడు. కాబట్టి విలువ దానికి దాదాపు మూడింతలు ఉండాలి. Mg²⁺ చిన్నది కాబట్టి ఇంకాస్త ఎక్కువే. అయితే −2401, −2871 కూడా మూడింతల దరిదాపుల్లోనే ఉంటాయి గనుక, ఆ తప్పులు ఈ పరీక్షకు దొరకవు. వాటికి గీతలే దిక్కు.

పూర్తిగా అయానిక స్ఫటికమే అనుకుని, ఆవేశాల ఆకర్షణతో సిద్ధాంతపరంగా గణిస్తే సుమారు −2326 వస్తుంది. ఈ 200 తేడా మన కూడికలోని తప్పు కాదు. చిన్న Mg²⁺ తన చుట్టూ ఉన్న Cl⁻ ఎలక్ట్రాన్ మేఘాన్ని తనవైపు లాక్కుంటుంది, బంధంలోకి కొంత సమయోజనీయత చేరుతుంది. మన వలయంలో ఉన్నవన్నీ కొలిచిన విలువలు కాబట్టి ఆ అదనపు పట్టు కూడా −2522లో కలిసే వచ్చింది.