ట్రయల్స్ ముందు లోడింగ్ వద్దు

చిరంజీవి వంశీకి,

నువ్వు పంపిన డబ్బా ఫోటో చూశాను. క్రియాటిన్ మీద నాకు కోపమేం లేదు. వాడా నిషేధిత జాబితాలో కూడా అది లేదు. నాకు నచ్చనిదల్లా నువ్వు ఎంచుకున్న సమయం. ట్రయల్స్‌కి మూడు వారాలు పెట్టుకుని రోజుకు 20 గ్రాముల లెక్కన లోడింగ్ మొదలుపెడతానంటావేంట్రా?

లోడింగ్ చేస్తే వారంలో కిలో, కొందరికి రెండు కిలోల దాకా బరువు పెరుగుతుంది. అది కొవ్వు కాదు. క్రియాటిన్ కండలోకి వెళ్తూ నీళ్లను వెంట లాక్కెళ్తుంది. పొద్దున్నే నువ్వు తూగేది 59.5, నీ విభాగం 57. ఇప్పటికే రెండున్నర కిలోలు దించాలి, దాని మీద ఇంకో కిలోన్నర పడితే నాలుగు! ఆ నాలుగూ దించడానికి ఒంట్లో నీళ్లు అంతగా పిండుకుంటే రెండో పీరియడ్‌కి కాళ్లలో సత్తువ ఉండదు.

పారిస్‌లో 2024లో నీ విభాగంలోనే అమన్ సెహ్రావత్ సెమీస్ అయ్యాక 61.5 తూగి, పది గంటల్లో 4.6 కిలోలు దించి కాంస్యం గెలిచాడు. అది చూసి నీకూ ధైర్యం వచ్చి ఉంటుంది. ఆ రాత్రంతా అతని పక్కన కోచ్‌లు ఉన్నారు. ఆ కాంస్యానికి రెండు రోజుల ముందే వినేశ్‌ను 100 గ్రాములు ఫైనల్ ఆడనివ్వలేదన్న సంగతి కూడా గుర్తుపెట్టుకో.

వారం ముందు మానేస్తే చాలు కదా అని అడిగావు. చాలదు. కండలో నిల్వ మామూలు స్థాయికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా అది దిగేసరికి, పట్టు మీద పట్టు వేసేటప్పుడు దాని వల్ల దొరికే ఊపూ పోతుంది. బరువూ బలమూ ఒకే మూటలో ఉన్నాయి, ఒకటి ఉంచుకుని రెండోది పారేయడం కుదరదు.

సీజన్ అయ్యాక మొదలుపెట్టు. లోడింగ్ లేకుండా రోజూ 3 గ్రాములు వేసుకున్నా నాలుగు వారాల్లో కండ నిండుతుంది. పొద్దున్నే దొడ్డికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు తూగి నోట్‌బుక్‌లో రాసుకో. నువ్వు మాంసం ముట్టవు, కాబట్టి నీ కండలో నిల్వ తక్కువ, నీకు పట్టేదీ ఎక్కువే ఉండొచ్చు. నెల తర్వాత 60 దగ్గర నిలిస్తే ఫర్వాలేదు. 61 దాటితే మాత్రం కూర్చుని మాట్లాడుకుందాం. 61 కిలోల విభాగంలో ఆడటమా, పోటీకి ఆరు వారాల ముందు ఆపేయడమా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు. నన్నడిగితే 61లో ఆడటమే మేలు.

కొనేటప్పుడు ఉత్త క్రియాటిన్ మోనోహైడ్రేటే కొను, నాలుగు రకాలు కలిపిన ప్రీ వర్కౌట్ డబ్బాల జోలికి పోకు. అందులో నిషేధిత సరుకు కలిసి డోప్ టెస్టులో దొరికితే శిక్ష పడేది నీకే. రక్త పరీక్షకు వెళ్తే క్రియాటిన్ వాడుతున్నానని డాక్టరుకు ముందే చెప్పు. క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపిస్తే కిడ్నీలకేదో అయిందని అమ్మ కంగారుపడుతుంది.

రేపు పొద్దున నీ తూకం ఎంతో నాకు మెసేజ్ పెట్టు.

మీ మామయ్య