దశమి చంద్రుడి ముందు కెమెరాకు పరీక్ష

చంద్రుడి ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టి ఇది బాగుంది, అది బాగోలేదు అనడం తేలిక. ఎందుకు బాగుందో చెప్పడం అంత తేలిక కాదు. రెండు ఫొటోల మధ్య ఐఎస్ఓ మారి ఉండవచ్చు, షట్టర్ మారి ఉండవచ్చు, లేదా ఆ అర నిమిషంలో పైన గాలి మారి ఉండవచ్చు. చాలామంది సెట్టింగులను పోలుస్తున్నామనుకుంటూ నిజానికి గాలిని పోలుస్తుంటారు. ఆ తికమక లేకుండా, 300 మిల్లీమీటర్ల మామూలు జూమ్ లెన్సు, 24 మెగాపిక్సెళ్ల APS-C కెమెరా, ఒక ట్రైపాడ్‌తో కపిలేశ్వరపురం ఏటిగట్టు మీద ఈ పరీక్ష ఎలా చెయ్యాలో మొదటి నుంచీ చెబుతాను.

ముందు తిథి చూసుకోవాలి. పౌర్ణమి చంద్రుడు కంటికి అందమే గాని పరీక్షకు పనికిరాడు. సూర్యుడి వెలుగు ఎదురుగా పడటం వల్ల అక్కడి కొండలకూ గుంటలకూ నీడలుండవు. నీడ లేనిచోట వివరం ఉందో లేదో తేల్చలేం. శుద్ధ దశమి నాడైతే వెలుగుకూ చీకటికీ మధ్య గీత కోపర్నికస్ అనే పెద్ద గుంట పరిసరాల్లో ఉంటుంది, దాని గోడల మెట్లు నీడలతో తేలి కనిపిస్తాయి. నెలల్లో మాఘ, ఫాల్గుణాలు మేలు. మన అక్షాంశంలో ఆ దశమి చంద్రుడు రాత్రి ఏడున్నర ప్రాంతంలో దాదాపు నడినెత్తికి వస్తాడు. అంటే అంతర్వేది కల్యాణం జరిగే మాఘ శుద్ధ దశమి ఈ పనికి చక్కటి రాత్రి. అదే భాద్రపద దశమి నాడు చంద్రుడు దక్షిణంగా వాలి ఉంటాడు, పైగా మబ్బుల కాలం. చంద్రుడు ఎంత కిందికి ఉంటే మన చూపు అంత మందమైన గాలిలోంచి వెళ్లాలి. గోదావరి ఒడ్డున ఆ కింది గాలిలో తేమ ఎక్కువ, పగలంతా కాగిన ఇసుక తిన్నెల మీంచి లేచే వేడి కూడా అందులోనే ఉంటుంది.

గట్టు మీద చోటు ఎంచుకునేటప్పుడు బళ్లు తిరిగే రోడ్డుకు దూరం జరగండి. మోటారు సైకిలు వెళ్లినా ఆ అదురు ట్రైపాడ్‌కు తెలుస్తుంది. మట్టి మెత్తగా ఉంటే కాళ్ల కింద ఇటుక ముక్కలు పెట్టాలి. మధ్య కడ్డీ పైకి లాగకుండా, దానికి సంచి వేలాడదీస్తే ఏటిగాలికి చలించదు. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా తెస్తే లెన్సు మీద చెమ్మ పడుతుంది. అరగంట ముందే సంచిలోనే ఉంచి బయటపెట్టండి. నడినెత్తి చంద్రుణ్ణి వ్యూఫైండర్‌లో చూడాలంటే మెడ పట్టేస్తుంది, తిప్పుకునే తెర ఉంటే హాయి.

కెమెరాలో మాన్యువల్ మోడ్, RAW ఫైలు, వైట్ బ్యాలెన్స్ ఎండకు, రెండు సెకన్ల టైమర్. లెన్సులో స్టెబిలైజర్ ఉంటే ట్రైపాడ్ మీద ఆపెయ్యండి. JPEG మీద ఈ పోలిక చెయ్యవద్దు. ఐఎస్ఓ పెరిగేకొద్దీ కెమెరా తనంతట తాను నాయిస్ తుడిచి, అంచులకు పదును పెడుతుంది. అప్పుడు మీరు చూసేది సెన్సార్ పనితనం కాదు, కెమెరా లోపలి దిద్దుబాటు. ఫోకస్ లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి, వెలుగు చీకట్ల గీత దగ్గర చేత్తో సరిచెయ్యాలి. సరిపోయాక ఇక ఆ రింగు ముట్టుకోవద్దు.

ఇంత లెన్సుతో ఏమి కనిపిస్తుందో ముందే లెక్క కట్టుకుంటే అత్యాశ ఉండదు. 300 మిల్లీమీటర్ల లెన్సు చంద్రుణ్ణి సెన్సార్ మీద 2.7 మిల్లీమీటర్ల బొమ్మగా వేస్తుంది. అది అటూఇటూగా 730 పిక్సెళ్లు. చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు కాబట్టి ఒక్కో పిక్సెల్ అయిదు కిలోమీటర్లకు కాస్త తక్కువ. 93 కిలోమీటర్ల కోపర్నికస్ ఇరవై పిక్సెళ్లలో ఇమిడిపోతుంది. చంద్రయాన్-3 దిగిన చోటు చూపించమని గట్టు మీద పిల్లలు అడుగుతారు. దక్షిణపు అంచు దగ్గర, 69 డిగ్రీల అక్షాంశంలో ఉన్న ఆ ప్రాంతాన్ని వేలుపెట్టి చూపించవచ్చు. ల్యాండర్ మాత్రం భూమ్మీద ఏ కెమెరాకూ అందదు.

పోలికకు చంద్రుడి మీద మూడు చోట్లు నియమించుకోవాలి. ఈ పద్ధతికి ప్రాణం ఇదే. ఎక్స్‌పోజర్ చూడటానికి ప్రోక్లస్ అనే చిన్న గుంట, తూర్పువైపు గుండ్రటి నల్లమచ్చ క్రైసియం పక్కన మిలమిల మెరుస్తుంటుంది. వివరం చూడటానికి కోపర్నికస్. నాయిస్ చూడటానికి నున్నటి సెరెనిటాటిస్ మైదానం. ఒక్కో ప్రశ్నకు ఒక్కో చోటు, ఏ ఫొటో తీసినా అవే మూడు చోట్లు.

మొదటి వరుస ఎక్స్‌పోజర్ కోసం. ఐఎస్ఓ 100, f/8 మార్చకుండా షట్టర్ మాత్రం 1/30 నుంచి 1/60, 1/125, 1/250, 1/500 దాకా తగ్గించుకుంటూ పోండి. ఇక్కడ హిస్టోగ్రామ్‌ను నమ్మితే మోసపోతాం. ఫ్రేములో చంద్రుడు రెండు శాతం కూడా ఉండడు, మిగతాదంతా నల్లటి ఆకాశం. కాబట్టి ఎడమవైపు పెద్ద కొండ కనిపిస్తుంది, కుడివైపు ప్రోక్లస్ తెల్లబారిన సంగతి గీతలో కనపడదు. ఆటో మోడ్ చంద్రుణ్ణి తెల్లటి బిళ్లలా తీసేదీ ఇందుకే. ఫొటోను పెద్దది చేసి ప్రోక్లస్ దగ్గర చూడాలి, మితిమీరిన చోట్లను మినుకుమినుకుమని చూపించే హెచ్చరిక ఆన్‌లో పెట్టుకోవాలి. ప్రోక్లస్ మినుకుమనకుండా ఆగిన అతి నెమ్మది షట్టరే ఆ రాత్రికి సరైన ఎక్స్‌పోజర్. గాలి శుభ్రంగా ఉంటే దశమి నాడు అది 1/125 దగ్గర తేలుతుంది. తెల్లబారినచోట వివరం మళ్లీ రాదు. చీకటి గీత దగ్గర తక్కువైన వెలుగును మాత్రం కంప్యూటర్‌లో కొంత లేపుకోవచ్చు, నాయిస్ రూపంలో మూల్యం చెల్లించి.

రెండో వరుస నాయిస్ కోసం. f/8 అలాగే ఉంచి మూడు జతలు తియ్యాలి: ఐఎస్ఓ 100తో 1/125, ఐఎస్ఓ 400తో 1/500, ఐఎస్ఓ 1600తో 1/2000. మూడింట్లోనూ చంద్రుడు ఒకే వెలుగుతో కనిపిస్తాడు, కానీ సెన్సార్‌కు చేరిన కాంతి రెండోదానిలో నాలుగో వంతు, మూడోదానిలో పదహారో వంతు. నాయిస్‌కు అసలు మూలం ఐఎస్ఓ అంకె కాదు, ఈ కాంతి తగ్గడం. కాంతి నాలుగో వంతైతే నాయిస్ పాలు రెట్టింపవుతుంది, పదహారో వంతైతే నాలుగు రెట్లు.

ఈ జతలను ఒకదాని తర్వాత ఒకటి గుంపుగా తియ్యవద్దు. 100, 400, 1600, మళ్లీ 100, 400, 1600 అంటూ కలిపి, ఒక్కోటి పదేసి వచ్చేదాకా తియ్యండి. పైన గాలి కాసేపు కుదురుగా, కాసేపు చెదిరి ఉంటుంది. గుంపుగా తీస్తే కుదురు వేళ ఒక సెట్టింగుకూ, చెదురు వేళ మరోదానికీ దక్కుతుంది. తరవాత ఒక్కో సెట్టింగులోంచి కోపర్నికస్ అన్నిటికంటే పదునుగా వచ్చిన ఫొటో ఒకటి ఎంచి, ఆ మూడింటినే పోల్చాలి.

ఇంటికొచ్చాక RAW ఫైళ్లను ఒకే విధంగా తెరవండి, నాయిస్ తగ్గింపు సున్నా, పదును సున్నా. వెలుగులో కాస్త తేడా ఉంటే సమం చెయ్యాలి, ఎందుకంటే వెలుగు ఎక్కువున్న ఫొటో కంటికి ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది. వంద శాతానికి పెంచి పక్కపక్కన పెట్టండి. నాయిస్‌ను కంటితోనే కాక అంకెతోనూ చూడవచ్చు. ఉచితంగా దొరికే GIMP లో సెరెనిటాటిస్ మీద చిన్న చతురస్రం గీసి Histogram తెరిస్తే Mean, Std dev అని రెండు అంకెలు వస్తాయి. మొదటిది ఆ చోటి వెలుగు, రెండోది పిక్సెళ్ల మధ్య హెచ్చుతగ్గు. ఉదాహరణకు ఐఎస్ఓ 100 ఫొటోలో Std dev 2 ఉంటే 1600 ఫొటోలో 8 దగ్గరికి రావాలని పై లెక్క చెబుతుంది. నిజంగా కొలిస్తే ఆ తేడా కాస్త తక్కువగా వస్తుంది. మైదానంలో అసలు నేల తాలూకు చారలూ చుక్కలూ కూడా ఆ అంకెలో కలుస్తాయి, అవి మూడు ఫొటోల్లోనూ ఒకటే. అందుకే చతురస్రం చిన్నదిగా, ప్రతి ఫొటోలోనూ అదే చోట ఉండాలి.

ఇప్పుడు కోపర్నికస్ దగ్గరికి వస్తే చిత్రమైన సంగతి ఎదురుకావచ్చు. నాయిస్ ఎక్కువున్న 1/500 ఫొటోలో గోడల మెట్లు 1/125 లో కంటే స్పష్టంగా ఉండవచ్చు. పొట్టి షట్టర్ అదురునూ గాలి కదలికనూ ఆపేసింది గనక. మసకకు కారణం ఏమిటో మసకే చెబుతుంది. అంచులన్నీ ఒకే దిక్కుకు జంటగీతల్లా సాగితే అది ట్రైపాడ్ అదురు. ఒక ఫొటోలో ఉత్తరం మసక, మరోదానిలో దక్షిణం మసక అయితే అది గాలి. ప్రతి ఫొటోలోనూ, ప్రతి చోటా సమానంగా మసకగా ఉంటే ఫోకస్ తప్పినట్టు. చంద్రుడు కదిలిపోవడం వల్ల మసకబారిందని చాలామంది అంటారు. ఈ లెన్సుతో అతను ఒక పిక్సెల్ జరగడానికి సెకనులో ఆరో వంతు పడుతుంది కనుక 1/125 దగ్గర ఆ నేరం అతనిది కాదు.

ఎపర్చర్ వరుసను క్లుప్తంగా ముగించవచ్చు. షట్టర్ 1/125 దగ్గరే ఉంచి f/5.6, f/8, f/22 లను చూడండి. f/5.6 తో వెలుగు మితిమీరకుండా ఐఎస్ఓ 50 లేకపోతే షట్టర్ 1/250 చేసుకోవాలి, f/22 కి ఐఎస్ఓ 800 కి పెంచాలి. కాబట్టి ఈ వరుసలో కోపర్నికస్ ఒక్కటే చూడాలి, నాయిస్ పోలికకు ఇది చెల్లదు. f/22 ఫొటో తప్పకుండా మెత్తబడుతుంది. సన్నటి రంధ్రంలోంచి వచ్చిన కాంతి చుక్కగా కాక మచ్చగా పరుచుకుంటుంది. f/8 దగ్గర ఆ మచ్చ మూడు పిక్సెళ్లయితే f/22 దగ్గర ఎనిమిది. ఇరవై పిక్సెళ్ల కోపర్నికస్‌లో ఎనిమిది పిక్సెళ్ల మచ్చలు పడితే మెట్లు ఎక్కడ మిగులుతాయి?

వివరానికి పొట్టి షట్టర్, నాయిస్‌కు ఎక్కువ కాంతి కావాలన్న పేచీకి ఒక మార్గముంది. ఐఎస్ఓ 400 తో తీసిన నాలుగు మంచి ఫొటోలను ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి సగటు తీస్తే, ఐఎస్ఓ 100 ఫొటో ఒకదానికి అందినంత కాంతి సమకూరుతుంది. AutoStakkert ఉచితంగా ఆ పని చేస్తుంది. నాయిస్ సగానికి తగ్గుతుంది, పదును నిలుస్తుంది.

ఒక్క ఫొటోతోనే సరిపెట్టుకునేవారికి నా తీర్పు: 300 మిల్లీమీటర్ల లెన్సుతో దశమి చంద్రుడికి f/8, ఐఎస్ఓ 200, 1/250 పెట్టండి. పౌర్ణమికి అదే f/8, అదే ఐఎస్ఓ, షట్టర్ 1/500.