మొదటి లారీకి అభినందన: ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి

మన శాఖ ఖాతాదారైన రైతు ఉత్పత్తిదారుల సంఘం మొదటిసారి దళారి లేకుండా పెద్ద కొనుగోలుదారుకు సరుకు అమ్మితే, మేనేజరు ఒక అభినందన లేఖ పంపడం మర్యాద. సాధారణంగా అందులో 'చారిత్రక విజయం', 'రైతు సాధికారత' లాంటి మాటలే ఉంటాయి. వాటిని చదివిన రైతుకు తను చేసిన పనేదీ అందులో కనబడదు. ఆ పనేమిటో తెలియాలంటే ముందు లెక్క చూడాలి.

తాండూరు వైపు ఒక కందుల సంఘం అనుకుందాం. అంకెలు నేను గుండ్రంగా వేసుకున్నవే. సంఘం ఒక లారీకి 50 కిలోల బస్తాలు 200, అంటే 100 క్వింటాళ్లు పంపింది. కంపెనీ ఒప్పుకున్న ధర క్వింటాలుకు 7,000 రూపాయలు. ఊరి వ్యాపారి 6,450 ఇస్తానన్నాడు. తేడా 550, లారీ మొత్తానికి 55,000. శుభాకాంక్షల్లో ఈ అంకె వేసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. వేయకూడదు.

ఎందుకంటే వ్యాపారి కళ్లం దగ్గరికే వస్తాడు, గోనెలు తనే తెచ్చుకుంటాడు, అదే రోజు డబ్బిస్తాడు. ఇక్కడ శుభ్రం చేయించడం, గోనెలు, హమాలీ, లారీ కిరాయి అన్నీ సంఘానివే. అవి 25,000 అయ్యాయనుకుందాం. కంపెనీ 21 రోజులకు చెల్లిస్తుంది. అన్నాళ్లు రైతు ఆగలేడు. అందుకని సంఘం మన దగ్గర అప్పు తీసుకుని, లారీ కదిలిన రోజే 70 శాతం, అంటే 4,90,000 సభ్యులకు పంచింది. పది శాతం చొప్పున 21 రోజుల వడ్డీ సుమారు 2,800.

ఇక తేమ. కందుల్లో తేమ 12 శాతం మించకూడదన్నది ప్రభుత్వ మద్దతు ధర కొనుగోళ్లలోనూ ఉన్న షరతే. మన కంపెనీ ఒప్పందం ప్రకారం 14 దాకా అయితే ఎంత శాతం ఎక్కువో అంత తూకం కోత, 14 దాటితే సరుకు వెనక్కి. గేటు దగ్గర ఇనుప గొట్టం బస్తాలో గుచ్చి, గింజలు తీసి మీటరులో పోస్తారు. 150 బస్తాలు 12 లోపే వచ్చాయి. 50 బస్తాలు 14 చూపించాయి. ఆ 2,500 కిలోల మీద రెండు శాతం, అంటే 50 కిలోలు కోత, 3,500 రూపాయలు.

అన్నీ తీసేస్తే సంఘం చేతిలో మిగిలింది సుమారు 6,68,700. వ్యాపారికి అమ్మితే 6,45,000 వచ్చేవి. అసలు లాభం 23,700, క్వింటాలుకు 237. తక్కువేమీ కాదు గానీ, 550 మాత్రం కాదు. 'మీరు 55,000 అదనంగా సంపాదించారు' అని బ్యాంకు రాసి ఇస్తే, పంపకం రోజున మిగతాది ఎవరు తిన్నారని సభ్యులు అధ్యక్షుణ్ణి నిలదీస్తారు. లేఖ పుణ్యమా అని సంఘంలో తగువు.

మరి దేన్ని మెచ్చుకోవాలి? నా లెక్కలో రెండు సంగతులున్నాయి. బస్తాలకు రైతు పేరు చీటీలు కుట్టి, పచ్చిగా ఉన్నవాటిని వేరే వరుసగా పేర్చారు. అందుకే 3,500 కోత ఆ బస్తాలు తెచ్చినవాళ్ల మీదే పడింది. అన్నీ కలిపేసి ఉంటే బాగా ఎండబెట్టిన రైతు కూడా నష్టపోయేవాడు, వచ్చే ఏడు తన కందులు వ్యాపారికే పోసేవాడు. రెండోది, ఒప్పుకున్న 200 బస్తాలూ నిండడం. విత్తనాలకు, ఎరువులకు వ్యాపారి దగ్గర బాకీ ఉన్న సభ్యుడు మాట నిలబెట్టుకుని సంఘానికి పోయడం తేలిక కాదు. చాలా సంఘాల మొదటి లారీ సగం నిండి ఆగిపోయేది ఇక్కడే. కిరాయి మాత్రం పూర్తిగా కట్టాలి.

లేఖ లారీ కదిలిన రోజు కాదు, డబ్బు ఖాతాలో పడి సభ్యులకు పంచాక పంపాలి. సంఘాలు దాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టుకుంటాయి. రేపు వచ్చే కొనుగోలుదారు కూడా చదువుతాడు. కాబట్టి ధర రాయకూడదు. అప్పు తీర్చే శక్తి గురించి కూడా ఒక్క మాట ఉండకూడదు, అది బ్యాంకు హామీలా చెల్లుబాటవుతుంది. నేనైతే ఇలా రాస్తాను:

'అధ్యక్షుల వారికి, డైరెక్టర్లకు, సభ్య రైతులందరికీ నమస్కారం. ఒప్పుకున్న 200 బస్తాలూ ఒప్పుకున్న రోజుకే పంపినందుకు మా శాఖ తరఫున అభినందనలు. ప్రతి బస్తాకు రైతు పేరు కుట్టి, ఎవరి సరుకు లెక్క వారికే చూపించిన మీ పద్ధతి మాకు ఎంతో నచ్చింది. ఊళ్లో చేతికి డబ్బు వచ్చే దారి ఉన్నా ఆగిన సభ్యులకు ప్రత్యేక అభినందనలు. వచ్చే పంటకు తేమ మీటరు కళ్లాల దగ్గరికే తీసుకెళ్లాలని మీరు అనుకుంటున్నట్టు విన్నాం. దాని కొనుగోలు గురించి మాట్లాడటానికి వీలున్న రోజు శాఖకు రండి.'