ఓంకారంలో నాలుగో పాదం

రామసముద్రం



ఓం అన్నాక వచ్చే నిశ్శబ్దమే తురీయమని బెంగళూరు ధ్యానం క్లాసులో చెప్పారని రాశావు. సగం నిజమే పాపా. మిగతా సగం కోసం మాండూక్యోపనిషత్తు చూడాలి. అథర్వవేదంలోది, మొత్తం 12 మంత్రాలే.

ఆత్మకు నాలుగు పాదాలంటుందది. ఆవు కాళ్లలాగా విడివిడిగా అనుకోవద్దు, నాణెంలో పాళ్లలాగా అనుకోమంటుంది శంకరభాష్యం. మా కాలపు రూపాయి లెక్కలో చెబుతా. పావలా అర్ధరూపాయిలో కలుస్తుంది, అర్ధరూపాయి ముప్పావలాలో, ముప్పావలా రూపాయిలో. రూపాయంటే చివర వచ్చి చేరే ఇంకో పావలా కాదు, అంతా కలిసినదే రూపాయి.

మెలకువలో బయటి లోకాన్ని తెలుసుకునే నువ్వు మొదటి పాదం, వైశ్వానరుడు. మదనపల్లె మార్కెట్లో టమాటా బాక్సులు దింపామనీ, ధర పడిపోయిందనీ నాకు కల వచ్చిందనుకో. ఆ బాక్సులూ, ధర చెప్పినవాడూ, దిగులుపడిన నేనూ అంతా మనసే. ఆ కలగనేవాడు తైజసుడు. గాఢనిద్రలో సరుకూ లేదు, దిగులూ లేదు. అయినా లేచి “హాయిగా పడుకున్నా, ఏమీ తెలియలేదు” అంటాం. ఆ హాయి అనుభవించినవాడు ప్రాజ్ఞుడు.

ఇప్పుడు నోటితో ఓం అని చూడు. నోరు తెరిస్తే అకారం, పెదవులు గుండ్రమైతే ఉకారం, మూస్తే మకారం. ఇవి వరసగా ఆ ముగ్గురికీ గుర్తులు. మళ్లీ ఓం అంటే, మూసిన మకారంలోంచే అకారం లేస్తుంది. నిద్రలో కలిసిపోయిన మెలకువా కలా మళ్లీ నిద్రలోంచే లేచినట్టు. ఈ పోలిక నాకు ఎప్పుడూ అబ్బురమే.

నాలుగోదానికి అక్షరం లేదు, అమాత్రం. ఏడో మంత్రం దాన్ని లోపల తెలిసేది కాదు, బయట తెలిసేది కాదు అంటూ కాదుకాదులతోనే చెబుతుంది. నిశ్శబ్దం దానికి గుర్తు, అంతే. వచ్చిపోయే నిశ్శబ్దం కూడా ఒక స్థితే కదా! తురీయం మూడు స్థితుల తర్వాత వచ్చేది కాదు, మూడింటిలోనూ ఉన్నదే. నువ్వు ఈ ఉత్తరం చదువుతున్నప్పుడూ ఉంది.

ఒక జాగ్రత్త. జపం తర్వాత మనసు మొద్దుబారి, కునుకులాంటి హాయి కమ్ముతుంది. దాన్నే తురీయం అనుకునేవాళ్లు చాలామంది. గౌడపాదులు దాన్ని లయం అన్నారు, అలా జారిన మనసును మేలుకొలపమన్నారు. ప్రాజ్ఞుడికీ తురీయానికీ రెండో వస్తువు కనబడదు, కానీ ప్రాజ్ఞుడిలో అజ్ఞానం విత్తుగా మిగిలే ఉంటుంది. అందుకే లేవగానే పాత భయాలు యథాప్రకారం మొలుస్తాయి. నీ నిశ్శబ్దాన్ని ఇలా పరీక్షించుకో.

పుస్తకం కొనేటప్పుడు గౌడపాదుల కారికలు కూడా ఉన్నది చూసి కొను. మొదటి ప్రకరణంలో 29 కారికలున్నాయి. ముందు అవి చదివి, సందేహాలు రాసిపెట్టుకో. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ తాత