తిట్టుకు సెక్షన్ లేదు, కోతకు ఉంది

అక్కాచెల్లెళ్లూ, ఆమధ్య ఒక ఆదివారం జనగామ నుంచి నాకు వరసకు చెల్లెలయ్యే పిల్ల వచ్చింది. బట్టల షోరూంలో బిల్లింగ్ కౌంటర్ మీద పని చేస్తుంది. చాయ్ తాగుతూ తాగుతూ ఏడ్చేసింది. "ఏం జెయ్యాలె అక్కా, పొద్దున లేస్తే కడుపుల దేవినట్టైతది. ఆయన మొఖం జూడాలంటేనే భయమైతది" అంది.

ఆయన అంటే మేనేజర్. చెయ్యి వెయ్యడు, చెడు చూపు లేదు, కులం పేరెత్తడు. గిరాకీల ముందే "నీ తలకాయల ఏముంది, పేడనా?" అంటాడు. మధ్యాహ్నం బువ్వ తింటుంటే పిలుస్తాడు. లింగాలఘనపురం బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోస్తాడు. అందరినీ కాదు, ఈ పిల్లనే. ఒకసారి స్టాకు లెక్కలో తప్పు ఆయనదేనని ఓనర్ ముందు అన్నదట. అప్పటి నుంచి ఇదీ వరస.

ముందు ఆ పిల్ల అడిగింది కమిటీ గురించి. ఆడవాళ్ల ఫిర్యాదులకు ప్రతి ఆఫీసులో కమిటీ ఉండాలంటారు కదా, అక్కడికి పోనా అని. ఆ కమిటీ 2013 చట్టం కింద వచ్చింది. అది లైంగిక వేధింపుల కోసమే. మేనేజర్ నోటి దురుసు మాత్రమే ఉంటే "ఇది మా పరిధి కాదు" అని కాగితం తిరిగిచ్చేస్తారు. అప్పటికి సగం ధైర్యం కరిగిపోతుంది. అందుకే ఆ గడప ఎక్కొద్దన్నాను.

"మరి పోలీస్ స్టేషన్‌ల కేసు పెడ్త?" అంది. అప్పుడు మన రాష్ట్రంలోనే జరిగిన సంగతి చెప్పాను. సికింద్రాబాద్‌లో మానసిక దివ్యాంగుల జాతీయ సంస్థ ఉంది. అక్కడ ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ తన డైరెక్టర్ మీద పైవాళ్లకు ఫిర్యాదు చేసింది. 2022 ఫిబ్రవరిలో ఆయన ఆమెను తన గదిలోకి పిలిచి, ఆ ఫిర్యాదుల మీదే గట్టిగా అరిచాడని ఆమె ఆరోపణ. అప్పటికి ఆమె కోవిడ్ నుంచి కోలుకుని ఎన్నో రోజులు కాలేదు. పోలీసులు కేసు కట్టారు, చార్జిషీటూ వేశారు. 2025 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. పని విషయంలో పై అధికారి మందలించడం, అది కటువుగా ఉన్నా సరే, శాంతిభంగం కలిగించేలా కావాలని చేసిన అవమానం అనే నేరం కిందికి రాదంది. ప్రతి మందలింపునూ నేరమంటే పనిచోట క్రమశిక్షణ నిలవదని కూడా అంది. చంపుతానని, కొడతానని బెదిరిస్తే సంగతి వేరు, అప్పుడు స్టేషన్‌కు పోవచ్చు. ఉత్త అరుపులకు మాత్రం ఆ దారి మూసుకున్నట్టే.

ఈ తీర్పు చదివినప్పుడు నాకు బాధేసింది. మూడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన ఆ ప్రొఫెసరమ్మే కళ్లముందు మెదిలింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో 190వ ఒప్పందం చేసి, పనిచోట ఏ రకం వేధింపైనా వేధింపేనని ఒప్పుకుంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. కాబట్టి మనకు తిట్టుకు పేరు పెట్టిన చట్టం లేదు. ఉన్నవాటితోనే నెట్టుకురావాలి.

అయితే మేనేజర్లు ఉత్త నోటితో ఆగరు, తల్లీ. జీతం మీద, డ్యూటీ మీద, సెలవు మీద చెయ్యి వేస్తారు. అక్కడ మాత్రం చట్టం ఉంది. మా చెల్లెలి జీతం చీటీ తీయించి, నేలమీద కూర్చుని ఇద్దరం లెక్క వేశాం. నెలకు 12,000, పని రోజులు 26. రోజుకు 461 రూపాయల చిల్లర. ఎనిమిది గంటల రోజులో పది నిమిషాలంటే నలభై ఎనిమిదో వంతు, అంటే పది రూపాయల లోపే. ఆయన కోసింది సగం రోజు, 230. నెలలో ఏడుసార్లు. మొత్తం 1,610. న్యాయంగా పోవాల్సింది డెబ్భై కూడా కాదు.

2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం, రానంతసేపటికి మించి జీతం కోయకూడదు. "అది కోత కాదు, జరిమానా" అని తప్పించుకుందామన్నా కుదరదు. జరిమానా నెల జీతంలో నూటికి మూడు దాటరాదు, అంటే ఈ పిల్లకు 360. అదీ ఏ తప్పుకు వేస్తారో ముందే అనుమతి తీసుకుని నోటీసు పెట్టి, సంజాయిషీ అడిగాకే. ఆ షోరూంలో అట్లాంటి నోటీసు బోర్డే లేదు.

ఇక కాగితం. నోట్ బుక్కులో తేదీ, టైము, ఏమన్నాడు, పక్కన ఎవరున్నారు, ఇంతే రాయమన్నాను. "మంచిగ మాట్లాడడు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "14వ తారీఖు, పదకొండున్నర, కౌంటర్ దగ్గర, ఇద్దరు గిరాకీల ముందు, ఈ మాట" అని రాస్తే అది సాక్ష్యం. వాట్సాప్ మెసేజీలు చెరపకుండా ఫొటో తీసి పెట్టుకోమన్నాను.

తర్వాత ఓనర్‌కు దరఖాస్తు. అందులో ముందు జీతం కోత లెక్క, ఆ తర్వాతే తిట్లు. చేతికిచ్చి నకలు మీద సంతకం అడగాలి. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోవాలి. ఇరవై మంది గానీ అంతకు మించి గానీ పనివాళ్లున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ చెప్తుంది. అందులో యజమాని తరపువాళ్లెంతమందో పనివాళ్ల తరపు అంతమంది. ఏడాది లోపు అర్జీ పెట్టాలి, ముప్పై రోజుల్లో తేల్చాలి. మా చెల్లెలి షోరూంలో ఇరవై నాలుగు మంది. కమిటీ లేదు. లేదన్న మాటే దరఖాస్తులో రాశాం.

ఓనర్ పలకకపోతే లేబర్ ఆఫీసర్ దగ్గరికి, లేదంటే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి. వకీలు ఫీజు భయం వద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేస్తే చెప్తారు.

అందరికీ ఒకటే గడప కాదు సుమా. భూపాలపల్లిలో సింగరేణి బాయి పనికి పోయే వాళ్లకు, కాంట్రాక్టు వాళ్లతో సహా, గనులు కేంద్రం పరిధి కాబట్టి కేంద్ర లేబర్ కమిషనర్ ఆఫీసు. మహబూబాబాద్‌లో ప్రైవేటు స్కూల్ టీచర్‌గా ఉన్న మా స్నేహితురాలు లేబర్ ఆఫీసుకు పోతే వెనక్కి పంపారు. టీచర్లు కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. ఆమెకు 1982 విద్యా చట్టం, విద్యాశాఖ అధికారులు దిక్కు.

ఒక్కటి మాత్రం అందరికీ. "రాజీనామా రాసివ్వు" అంటే రాయొద్దు. రాసిస్తే నీ ఇష్టంతో పోయినట్టవుతుంది. ఆరు నెలలు నిండిన షాపు ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వక నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదని మన షాపుల చట్టం. తీసేస్తే అప్పీలుకు పోవచ్చు. సంతకం పెట్టాక ఆ బలం చాలావరకు పోతుంది.

మొన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. కోసిన 1,610లో న్యాయంగా పోవాల్సింది పోను మిగతాది ఓనర్ తిరిగిచ్చాడట. మేనేజర్ మారలేదు. కేకలు గిరాకీల ముందు తగ్గాయి, స్టాకు గదిలో ఇంకా ఉన్నాయి. "నిన్న తెల్ల కాగితం ముందల వెట్టి సంతకం పెట్టుమన్నడు అక్కా. ఇంట్ల అడిగి చెప్త అన్న, ఆ కాగితం మడిచి బ్యాగుల వేసుకున్న" అంది. నోట్ బుక్కులో తేదీ, టైము రాశావా అని అడిగాను. రాసిందట.